చిత్రం డ్రాయింగు వెనకే నడవాలి



కట్టబోయే ఇల్లు కట్టకముందే ఎట్లా ఉంటుందో కంప్యూటరులో బొమ్మ చేసి చూపించడం నా పని. దాన్ని కొందరు త్రీడీ అంటారు, కొందరు వ్యూ అంటారు, మా పనివాళ్లం రెండర్ అంటాం. ఆర్కిటెక్టు గీసిన ప్లాన్లు, ఎలివేషన్లు తీసుకుని, గోడ గోడా లేపి, రంగులు వేసి, ఎండ పెట్టి, రోడ్డు మీద నిలబడి చూస్తే కనిపించేట్టు చేసిస్తాం. నేను ఏ ఆఫీసులోనూ ఉద్యోగిని కాను. హన్మకొండలో ఇంట్లోనే కూర్చుని చేస్తాను. ఆర్కిటెక్టులు పిలుస్తారు, రేటు అడుగుతారు, నేను కొటేషన్ లేఖ పంపుతాను. ఆ లేఖ గురించే ఇవాళ మాట్లాడతాను. అందులో ఏం రాయాలి, ఎందుకు రాయాలి అన్నది నా వల్ల ఒక గోడ పగలగొట్టాల్సి వచ్చిన రోజున నేర్చుకున్నాను. ముందు ఆ సంగతి చెప్తాను.

కొన్నేళ్ల కింద ఒక ఇంటికి మూడు వ్యూలు చేయడానికి ఒప్పుకున్నాను. అప్పట్లో నా కొటేషన్ ఒకే ఒక్క వాక్యం. మూడు వ్యూలు, ఇంత రేటు, తృప్తి కలిగేవరకు మార్పులు ఉచితం. పని నడుస్తుండగా ఇంటాయన నా నంబరు తీసుకుని నేరుగా ఫోన్ చేశాడు. "తమ్మీ, వంటింటి కిటికీ కొంచెం ఎడమకు జరుపు, ముందు నుంచి చూస్తే బాగుంటది" అన్నాడు. జరపడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు. జరిపి బొమ్మ పంపాను. ఆర్కిటెక్టుకు చెప్పాలని నాకు తోచలేదు. ఆయన డ్రాయింగులో కిటికీ పాత చోటే ఉంది. ఇంటాయన ఆ బొమ్మను ఫోన్‌లో మేస్త్రికి చూపించాడు. మేస్త్రి బొమ్మ చూసి గోడ కట్టాడు. కిటికీ సరిగ్గా స్టవ్ ప్లాట్‌ఫాం పక్కన, చిమ్నీ గొట్టం పోవాల్సిన చోటుకు వచ్చింది. కట్టిన గోడ పగలగొట్టి మళ్లీ కట్టారు. ఇటుక, సిమెంటు, రెండు రోజుల కూలీ నష్టం. ఆర్కిటెక్టు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఆ రోజు నాకు తెలిసిందేమంటే, నా బొమ్మ డ్రాయింగు వెనక నడవాలి. డ్రాయింగును దాటి ముందుకు పోకూడదు. చిత్రం మారడం వేరు, ఇల్లు మారడం వేరు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో నా లేఖలో లేదు. లేదు కాబట్టే కిటికీ జరిగింది. అప్పటి నుంచి నా కొటేషన్ రెండు పేజీలు అయింది. అందులో ఉన్న ప్రతి పేరా ఈ ఒక్క గీతను కాపాడడానికే ఉంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ పట్టుకుందాం. హంటర్ రోడ్డు వైపు ఒక స్థలం అనుకోండి. నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు, అంటే 267 గజాలు. ఉత్తరం ముఖం. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. ఇంటివాళ్ల కొడుకు అమెరికాలో ఉంటాడు, బొమ్మ చూసి ఆయనా సరే అనాలి. ఆర్కిటెక్టు నన్ను పిలిచి నాలుగు బొమ్మలు అడిగారు. రోడ్డు మీద నుంచి ఒకటి, ఈశాన్యం మూల నుంచి ఒకటి, మిద్దె కనిపించేట్టు పై నుంచి ఒకటి, రోడ్డు మీద నుంచే సాయంత్రం దీపాల వెలుగులో ఒకటి.

లేఖలో మొదటి పేరా రేటు కాదు. మొదటి పేరా డ్రాయింగుల జాబితా. ఇట్లా రాస్తాను: "ఈ కొటేషన్ మీరు పంపిన ఆరు షీట్ల ఆధారంగా ఇస్తున్నాను. కింది అంతస్తు ప్లాను, పై అంతస్తు ప్లాను, మిద్దె ప్లాను, ఉత్తరం ఎలివేషన్, తూర్పు ఎలివేషన్, మెట్ల మీదుగా ఒక సెక్షను. ప్రతి షీటు నంబరు, రివిజన్, తేదీ కింద రాశాను." ఆ కింద ఒక్కొక్క షీటు పేరు, దాని మీద ఉన్న రివిజన్ గుర్తు, తేదీ వరసగా రాస్తాను. ఎందుకంటే ఆర్కిటెక్టు ఆఫీసులో ఒకే షీటుకు మూడు నాలుగు రూపాలుంటాయి. నిన్నటిది పట్టుకుని నేను మోడల్ లేపితే, ఇవాళ్టిది చూసి ఆయన తప్పులు పడతారు. తప్పు ఎవరిదో తేలాలంటే నేను ఏ షీటు చూసి చేశానో కాగితం మీద ఉండాలి.

ఆరు షీట్లలో సెక్షను ఎందుకని అడిగేవాళ్లుంటారు. ప్లాను పొడవు వెడల్పులు చెప్తుంది, ఎత్తులు చెప్పదు. ఎలివేషన్ ఎత్తు చెప్తుంది గానీ ఏది ముందుకు ఉందో ఏది లోపలికి ఉందో చెప్పదు. సజ్జ ఎంత బయటికి వచ్చింది, స్లాబు మందం ఎంత, పిట్టగోడ ఎత్తు ఎంత అన్నవి సెక్షనులో తెలుస్తాయి. సెక్షను లేకపోతే నేను ఊహించాలి. నేను ఊహించిన కొలత బొమ్మలోకి ఎక్కితే అది నిజంలాగే కనిపిస్తుంది. అదే ప్రమాదం. అందుకని ఈ పేరా చివర ఒక వాక్యం చేరుస్తాను: "షీట్లలో లేని కొలత కావాల్సి వస్తే నేను మిమ్మల్ని అడుగుతాను, ఊహించను."

రెండో పేరా బొమ్మల వివరం. నాలుగు వ్యూలు అని అంకె రాస్తే చాలదు. ఒక్కొక్క బొమ్మకు కెమెరా ఎక్కడ నిలబడిందో, ఎంత ఎత్తులో ఉందో, ఎండ ఏ వేళదో రాయాలి. మొదటి బొమ్మకు ఇట్లా రాస్తాను: "కెమెరా రోడ్డుకు అవతలి అంచున, మనిషి కన్ను ఎత్తులో, అంటే సుమారు ఐదుంబావు అడుగుల ఎత్తులో ఉంటుంది." కంప్యూటరులో కెమెరాను ఎంత దూరమైనా తీసుకుపోవచ్చు. ఎదురింటి ప్రహరీ దాటి, వాళ్ల హాలులోంచి కూడా ఈ ఇంటిని చూపించవచ్చు. అట్లా చూపిస్తే ఇల్లు తీరుగా, నింపాదిగా కనిపిస్తుంది. కానీ ఆ చోట ఏ మనిషీ ఎప్పుడూ నిలబడలేడు. ఇల్లు పూర్తయ్యాక బొమ్మలో ఉన్నట్టు లేదని ఇంటివాళ్లు అనేది చాలాసార్లు ఇందుకే.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం, కొంచెం నిదానంగా చెప్తాను. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఉత్తరాన ఇరవై మూడున్నర డిగ్రీల దాకా పోతాడు. అందుకని మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరం గోడ మీద ఎండ పడుతుంది, అదీ పక్క నుంచి గోడను ఒరుసుకుంటూ. సెప్టెంబరు ఆఖరు నుంచి మార్చి మూడో వారం దాకా ఉత్తరం గోడ మీద నేరుగా ఎండ పడనే పడదు. మన దగ్గర ఉత్తరం ముఖం, తూర్పు ముఖం స్థలాలకే గిరాకీ. ఉత్తరం ముఖం ఇంటికి ముందు గోడ మీద నిండుగా ఎండ పెట్టి బొమ్మ చేయడం కంప్యూటరులో ఒక్క క్షణం పని. సూర్యుణ్ణి ఆ వైపు లాగితే సరి. కానీ డిసెంబరులో గృహప్రవేశం చేసిన వాళ్లకు ఆ వెలుగు కనిపించదు. ముందు గోడ రోజంతా నీడలోనే ఉంటుంది. నీడలో ముదురు రంగు ఇంకా నల్లగా కనిపిస్తుంది, రాతి పలకల గరుకుదనం తేలదు.

కాబట్టి లేఖలో రాస్తాను: "మొదటి బొమ్మ మే నెలాఖరు ఉదయం ఎనిమిది గంటల ఎండలో ఉంటుంది. రంగులు వేసే దశలో మీరు చూసుకోవడానికి అదే బొమ్మను డిసెంబరు మధ్యాహ్నం వెలుగులో చిన్న సైజులో ఒకసారి చేసి పంపుతాను, దానికి రేటు లేదు." ఈ చిన్న బొమ్మ చూసి ఆర్కిటెక్టు ముదురు రంగు ఎంపిక మార్చుకుంటే, గోడ మీద మారే బదులు తెర మీదనే మారినట్టు.

ఇక మూడో పేరా, మార్పులు. తగవులన్నీ పుట్టేది ఇక్కడే కాబట్టి దీనికి ఎక్కువ చోటు ఇస్తాను.

పనిని మూడు మెట్లుగా విడదీస్తాను. మొదటి మెట్టు తెల్ల మోడల్. రంగుల్లేవు, చెట్లు లేవు, ఇల్లంతా సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది ఆకారం, కెమెరా, అంతే. రెండో మెట్టు రంగులు, రాళ్లు, అద్దాలు, ఎండ. మూడోది ఆఖరి బొమ్మ, పూర్తి సైజులో. తెల్ల మోడల్‌లో ఒక్క రౌండు మార్పులు, రెండో మెట్టులో రెండు రౌండ్లు, ఆఖరి బొమ్మలో నా పొరపాట్లు తప్ప వేరే మార్పులు లేవు. మొత్తం మూడు రౌండ్లు రేటులో కలిసే ఉంటాయి.

తెల్ల మోడల్ ఎందుకు పెట్టానంటే, రంగు ఉన్న బొమ్మ పంపితే చూసేవాళ్ల కన్ను రంగు మీదే ఆగిపోతుంది. గోడ రంగు గురించి పది మాటలు వస్తాయి, బాల్కనీ లోతు తప్పని ఎవరూ అనరు. రంగులన్నీ అయ్యాక, ఆఖర్న ఎవరో గమనిస్తారు. బాల్కనీ లోతు మొదటి మెట్టులో మార్చడానికి అరగంట పడితే, ఆఖరి మెట్టులో మార్చడానికి రోజు పడుతుంది. రెయిలింగు, దీపాలు, నీడలు, పక్కన పెట్టిన కుండీలు అన్నీ మళ్లీ సర్దుకోవాలి, నాలుగు బొమ్మలూ మళ్లీ రెండర్ పెట్టాలి. అందుకని తెల్ల మోడల్‌కు ఆర్కిటెక్టు సరే అని రాసి పంపాకే రంగుల్లోకి దిగుతాను.

రౌండు అంటే ఏమిటో కూడా రాయాలి. నా లేఖలో ఇట్లా ఉంటుంది: "ఒక రౌండు అంటే ఆర్కిటెక్టు గారి దగ్గరి నుంచి రాతపూర్వకంగా ఒకేసారి వచ్చే ఒక జాబితా. ఇంటి యజమాని గానీ, కుటుంబ సభ్యులు గానీ నాకు నేరుగా చెప్పిన మార్పు చేయను, దాన్ని మీకు పంపుతాను." పొద్దున్న ఒక మెసేజీ, మధ్యాహ్నం ఒక వాయిస్ నోటు, రాత్రి అమెరికా నుంచి ఒక ఫోటో మీద గీసిన గీత, ఇట్లా విడివిడిగా వస్తే రౌండ్లు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. పైగా ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానికి ఎదురుగా ఉంటుంది. వాటిని పోగుచేసి ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చే అధికారం ఆర్కిటెక్టుదే. ఆ అధికారం నేను చేతిలోకి తీసుకున్న రోజునే కిటికీ జరిగింది.

ఇప్పుడు మన ఉదాహరణలో రెండో మెట్టు తర్వాత ఒక జాబితా వచ్చిందనుకుందాం. అందులో నాలుగు మాటలున్నాయి. ఒకటి, పై అంతస్తు కిటికీకి సజ్జ లేదు, డ్రాయింగులో ఉంది. రెండు, గేటు పక్క గోడకు వేసిన రాతి పలక మరీ ఎర్రగా ఉంది, కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైటు ఇంకా ముదురుగా ఉంటుంది. మూడు, ముందు ఉన్న చెట్టు ద్వారాన్ని కప్పేస్తోంది. నాలుగు, బాల్కనీకి అద్దం బదులు ఇనుప కడ్డీల రెయిలింగు పెట్టాలి.

మొదటిది నా పొరపాటు. షీటులో ఉన్నది నేను చేయలేదు. అది రౌండులో లెక్కకు రాదు, ఏ మెట్టులో కనిపెట్టినా ఉచితంగా సరిచేస్తాను, బొమ్మలు ఇచ్చేసిన నెల రోజుల తర్వాత చెప్పినా సరే. రెండు, మూడు బొమ్మకు సంబంధించిన మార్పులు. రౌండులో కలిసిపోతాయి. రాయి విషయంలో ఆర్కిటెక్టు వైపు కూడా ఒక పని ఉంటుంది. పేరు చెప్తే సరిపోదు, పలక ఫోటో కావాలి, ఆ ఫోటోలో పక్కన ఒక టేపు పెట్టాలి. గ్రానైటులో మచ్చ అంగుళంలో ఎంతుందో తెలియకపోతే బొమ్మలో ఆ మచ్చలు అరచేయంత అయిపోతాయి. ఆ విషయం లేఖలో ముందే అడుగుతాను.

నాలుగోదే చిక్కు. రెయిలింగు మార్చడం చిన్న పనిలాగే ఉంది. ఆర్కిటెక్టు కూడా మామూలుగా, "ఇదొక్కటి చెయ్యి తమ్మీ, ఎంత సేపు" అంటారు. ఇలాంటి చోట నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: దీనికోసం షీటు మారాలా? ఎలివేషన్ షీటులో అద్దం అని రాసి ఉంది. కడ్డీలు పెట్టాలంటే ఆ షీటు మళ్లీ గీయాలి, రివిజన్ నంబరు మారాలి, కడ్డీల మధ్య ఎడం ఎంతో ఆయన తేల్చాలి. అంటే మారుతున్నది చిత్రం కాదు, ఇల్లు. కాబట్టి లేఖలో ఇట్లా రాస్తాను: "ఏ మార్పుకైతే డ్రాయింగు షీటు మళ్లీ గీయాల్సి వస్తుందో అది డిజైను మార్పు. కొత్త షీటు వచ్చాకే చేస్తాను. దానికి గంటకు 500 రూపాయలు, ఎన్ని గంటలు పడతాయో ముందే చెప్పి, మీరు సరే అన్నాకే మొదలుపెడతాను." రాయి రంగుకు షీటు మారదు. చెట్టుకు షీటు మారదు. రెయిలింగుకు మారుతుంది. ఈ ఒక్క ప్రశ్న పెట్టుకున్నాక మా మధ్య వాదనలు చాలావరకు ఆగిపోయాయి. ఎందుకంటే జవాబు నాకు నచ్చినట్టు ఉండదు, ఆయనకు నచ్చినట్టు ఉండదు, షీటు చూస్తే తెలిసిపోతుంది.

నాలుగో పేరా రేటు. దీన్ని రెండు ముక్కలుగా విడగొడతాను. మన ఉదాహరణలో మోడల్ లేపడానికి 10,000 రూపాయలు, ఒక్కొక్క బొమ్మకు 4,000 చొప్పున నాలుగింటికి 16,000, మొత్తం 26,000. ఈ అంకెలు నా లెక్కలు, ఊరిని బట్టి, పనితనాన్ని బట్టి మారతాయి. విడగొట్టడమే ముఖ్యం. మొత్తం కలిపి నాలుగు బొమ్మలకు 26,000 అని రాస్తే, "రెండు చాలు, సగం తీసుకో" అంటారు. కానీ రెండు బొమ్మలకైనా ఇల్లంతా లేపాల్సిందే. అట్లాగే ఐదో బొమ్మ కావాలంటే మోడల్ డబ్బు మళ్లీ పడదు, 4,000 చాలు. సాయంత్రం బొమ్మకు కెమెరా మొదటిదే అయినా దాన్ని విడిగా లెక్కపెడతాను. ఎండ తీసేసి ప్రతి దీపాన్నీ ఒక్కొక్కటిగా పెట్టాలి కాబట్టి.

డబ్బు మూడు విడతలు. పని మొదలుపెట్టేటప్పుడు నలభై శాతం, అంటే 10,400. తెల్ల మోడల్‌కు సరే అన్నప్పుడు 7,800. ఆఖరి ఫైళ్లు ఇచ్చేముందు 7,800. మొదటి విడత దాదాపు మోడల్ ఖర్చుకు సరిపోతుంది. ఇంటివాళ్లు మనసు మార్చుకుని మధ్యలో ఆపేసినా ఆర్కిటెక్టు నాకు బాకీ పడరు, నేను ఆయనకు బాకీ పడను. రోజులు కూడా ఇక్కడే రాస్తాను. షీట్లు, మొదటి విడత చేతికి అందాక నాలుగు పనిదినాల్లో తెల్ల మోడల్, దానికి సరే అన్నాక ఐదు రోజుల్లో రంగులు, తర్వాత రెండు రోజుల్లో ఆఖరి బొమ్మలు. వాళ్ల జాబితా రావడానికి పట్టే రోజులు నా లెక్కలో ఉండవని కూడా రాస్తాను.

ఐదో పేరా, ఫైళ్లు ఏ రూపంలో ఇస్తాను అన్నది. చాలామంది దీన్ని ఒక్క మాటతో వదిలేస్తారు. కానీ కష్టపడి చేసిన బొమ్మ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఆర్కిటెక్టు మామూలుగా ఏ3 కాగితం మీద ప్రింటు తీసి ఇంటివాళ్లకు చూపిస్తారు. ఏ3 కాగితం 420 మిల్లీమీటర్లు పొడవు, 297 వెడల్పు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు రావాలంటే బొమ్మ 4961 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. లేఖలో ఈ రెండు అంకెలూ రాస్తాను. హై రిజల్యూషన్ అని రాస్తే దానికి అర్థం ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఇదే బొమ్మను వాట్సాప్‌లో మామూలు ఫోటోలాగా పంపితే అది సుమారు 1600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించుకుపోతుంది. ఆ బొమ్మ ఏ3 మీద వేస్తే అంగుళానికి వంద చుక్కలు కూడా రావు. గ్రిల్లు సన్నని గీతలు అలుక్కుపోతాయి, అక్షరాలు చెదురుతాయి. చేసినవాడికి పని రాదనుకుంటారు. అందుకని ఆఖరి ఫైళ్లు లింకు ద్వారా గానీ పెన్ డ్రైవులో గానీ ఇస్తానని, వాట్సాప్‌లో వచ్చినవి చూసుకోవడానికే గానీ ప్రింటుకు కాదని రాస్తాను.

ఆ తర్వాత ఆకారం. స్థలం దగ్గర ఫ్లెక్సీ కట్టాలనుకుంటే అది ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉంటుంది. అంటే వెడల్పులో ఎత్తు సగం. ఏ3 ఆకారం అట్లా ఉండదు. ఏ3 బొమ్మను ఫ్లెక్సీ షాపులో ఇస్తే, వాళ్లు వెడల్పుకు సరిపెట్టి పైనా కిందా కోసేస్తారు. 3508 వరసల్లో 2480 మాత్రమే మిగులుతాయి, దాదాపు ముప్పై శాతం ఎత్తు పోతుంది. మిద్దె మీది మెట్ల గది ఎగిరిపోవచ్చు, గేటు ముందు ర్యాంపు ఎగిరిపోవచ్చు. చుక్కలు సరిపోతాయా అని చాలామంది భయపడతారు గానీ, ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తాం కాబట్టి అంగుళానికి ఇరవై చుక్కలున్నా చూడ్డానికి బాగానే ఉంటుంది. భయపడాల్సింది ఆకారం గురించి. కాబట్టి కెమెరా పెట్టే రోజునే అడగాలి, ఈ బొమ్మ ఎక్కడెక్కడ వాడతారు అని. ఫ్లెక్సీ ఉందంటే రెండు పక్కలా కొంచెం ఎక్కువ జాగా వదిలి రెండో ఆకారంలో కూడా రెండర్ చేస్తాను. ఆఖరి రోజు అడిగితే అది మళ్లీ చేయాల్సిన పని.

ఫైళ్ల రకాలు మూడు ఇస్తాను. చూసుకోవడానికి, పంపుకోవడానికి జేపెగ్. ఆకాశం తీసేసి ఇల్లు మాత్రమే ఉన్న పీఎన్‌జీ, బ్రోషరు చేసేవాళ్లకు అది పనికొస్తుంది. ప్రింటుకు టిఫ్. జేపెగ్ ఫైలును తెరిచి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత తరుగుతుంది, టిఫ్ అట్లా తరగదు. ప్రతి ఫైలు పేరులో బొమ్మ నంబరు, మెట్టు నంబరు, ఏ షీటు రివిజన్ చూసి చేశానో ఉంటుంది. `C1_S3_R2.tif` అని ఉంటే మొదటి బొమ్మ, మూడో మెట్టు, డ్రాయింగు రివిజన్ రెండు అని అర్థం. ఆర్నెల్ల తర్వాత ఎవరు తెరిచినా అది ఏ డ్రాయింగు బొమ్మో తెలుస్తుంది. మోడల్ ఫైలు మాత్రం రేటులో కలవదు. కావాలంటే దానికి విడిగా రేటు మాట్లాడుకోవాలని స్పష్టంగా రాస్తాను. ఈ మాట ముందు రాయకపోతే చివర్లో మనసులు విరుగుతాయి.

రంగు గురించి ఒక్క వాక్యం: "తెర మీద, ప్రింటు మీద కనిపించే రంగు గోడ రంగుకు ఆధారం కాదు, రంగు కంపెనీ షేడ్ కార్డు చూసి నిర్ణయించుకోవాలి." తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటు సిరాతో చూపిస్తుంది. నిగనిగలాడే పచ్చిక, నీలాకాశం ప్రింటులో ఎప్పుడూ కొంచెం వాడిపోతాయి.

ఇక చివరి పేరా, బొమ్మను ఎవరు ఎట్లా వాడుకోవచ్చు అన్నది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే అది కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని చట్టం అనుకుంటుంది. కాబట్టి ఈ ప్రాజెక్టుకూ, ఆర్కిటెక్టు తన పనులు చూపించుకునే పుస్తకానికీ ఎప్పటికీ వాడుకోవచ్చని నేను రాసిస్తాను. అమ్మకపు ప్రకటనకు వాడాలంటే మాత్రం ముందే చెప్పమంటాను. అపార్ట్‌మెంటు అయితే ఇది చిన్న విషయం కాదు. 2016 నాటి రెరా చట్టం పన్నెండో సెక్షను ప్రకారం, ప్రకటనలో ఉన్న తప్పు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకు బిల్డరు పరిహారం ఇవ్వాలి. నేను అందానికి పెట్టిన ఈతకొలను రేపు ఎవరో ఒకరికి బాకీ అవుతుంది. అందుకని షీట్లలో లేనిది ఏదీ, ఒక్క ఫౌంటెన్ కూడా, అమ్మకపు బొమ్మలో పెట్టనని రాస్తాను.

లేఖ అడుగున గడువు పెడతాను, పదిహేను రోజులు. దాంతోపాటు ఒప్పుకుంటే ఈ లేఖ మీదనే సంతకం చేసి పంపమంటాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారం షరతుల్లేకుండా ఉండాలి. "సరే గానీ, ఐదు బొమ్మలు చెయ్యి" అని జవాబు వస్తే అది అంగీకారం కాదు, ఎదురు ప్రతిపాదన. అప్పుడు నేను ఐదు బొమ్మలకు లేఖ మళ్లీ రాసి పంపుతాను. ఐదు నిమిషాల పని అది.

సంతకాల కింద ఒక వాక్యం ఉంటుంది, ప్రతి బొమ్మ మూలన కూడా చిన్న అక్షరాల్లో అదే వాక్యం వేస్తాను: "ఇది నిర్మాణానికి కాదు. కొలతలకు డ్రాయింగు చూడండి."

మొన్న ఒక సైటుకు పోయినప్పుడు మేస్త్రి ఫోన్ తీసి నా బొమ్మ చూపించాడు. మూలన ఉన్న ఆ అక్షరాలను వేలితో పెద్దవి చేసి చదివాడు. "ఇండ్ల కిటికీ ఎంత ఎత్తో డ్రాయింగుల జూడాల్నట గద సార్" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, గోడకు ఆనించి ఉన్న షీటు చుట్ట విప్పాడు. ఆ కిటికీ ఈసారి డ్రాయింగులో ఉన్నచోటే పడింది.